అత్తగారు చెప్పనన్న మాటలు స్క్రిప్టులో ఎందుకు?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. మా అత్తగారి చేతి ఆవకాయకి, మాగాయకి బంధువుల్లో మంచి పేరుంది. రెండేళ్లుగా ఇంటి దగ్గరే పచ్చళ్లు, సున్నుండలు, జంతికలు చేసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటున్నాం. రిజిస్ట్రేషన్ కూడా ఉంది. ఈ సీజనుకి మా మరిది కొడుకు తొంభై సెకన్ల వీడియో చేద్దామని స్క్రిప్టు రాశాడు. "వందేళ్ల నాటి ఒరిజినల్ రెసిపీ, నూటికి నూరు పాళ్లు స్వచ్ఛం, ప్రిజర్వేటివ్స్ లేవు, ఇమ్యూనిటీ పెంచుతుంది, బెల్లం సున్నుండలు షుగర్ ఉన్నవాళ్లూ తినొచ్చు, ఏడాదైనా చెక్కు చెదరదు" అని ఉంది అందులో. అది విని అత్తయ్య కెమెరా ముందు కూర్చోనన్నారు. "నాకు తెలియని మాటలు నా నోట పలికించకండి" అన్నారు. వాడేమో "అవి లేకపోతే ఎవరూ ఆగి చూడరు దొడ్డమ్మా, అందరూ అదే అంటున్నారు" అంటాడు. ఇంకో సంగతి. అత్తయ్య ఎప్పుడూ పప్పు నూనెతోనే కలిపేవారు. నిరుడు ధర చూసి సగం వేరుశనగ నూనె పోశాం. ఎవరూ తేడా కనిపెట్టలేదు. అది చెప్పాలా? అత్తయ్యని ఎలా ఒప్పించాలి?

జవాబు: ఆవిడని ఒప్పించే పని పెట్టుకోకండమ్మా. మీ ఇంట్లో స్క్రిప్టు దిద్దగలిగిన మనిషి ఆవిడే. "నాకు తెలియని మాటలు" అన్నారు చూడండి, అదే మీకు కొలబద్ద. వీడియోలో ప్రతి మాట దగ్గరా ఆగి "మీకెలా తెలుసు?" అని అడగండి. జవాబు మీ ఇంట్లో, మీ వంటగదిలో దొరికితే ఉంచండి. దొరక్కపోతే తీసెయ్యండి, లేదా జవాబు సంపాదించుకున్నాక చెప్పండి.

ముందు నూనె సంగతి తేల్చుకోవాలి. మిగతా స్క్రిప్టంతా దాని మీదే నిలబడుతుంది.

"ఒరిజినల్", "సంప్రదాయ" లాంటి మాటలు మనం ఊరికే వాడేస్తాం గానీ, 2018లో వచ్చిన ఆహార ప్రకటనల నిబంధనల్లో వాటికి అర్థం రాసి ఉంది. ఒరిజినల్ అనాలంటే ఆ వంటకం ఎక్కడినుంచి వచ్చిందో చూపగలగాలి, అది పెద్దగా మారకుండా ఉండాలి, ముఖ్యమైన సరుకు బదులు వేరే సరుకు పడకూడదు. ఆవకాయలో నూనె ముఖ్యమైన సరుకు కాదని మీ అత్తగారి ముందు అనగలరా? సగం నూనె మారాక ఆ మాట చెల్లదు. ఎవరూ కనిపెట్టలేదంటున్నారు. ఆవ ఘాటులో, కారంలో నూనె తేడా తెలియకపోవచ్చు. కానీ వేరుశనగ పడని మనిషికి తెలుస్తుంది, అదీ గానుగ నూనె అయితే మరీను. కాబట్టి చెప్పాలా అంటే, సీసా మీద తప్పకుండా చెప్పాలి. సరుకుల జాబితాలో రెండు నూనెల పేర్లూ ఉండాలి.

ఇంతకీ ఆ మార్పు వల్ల మిగిలిందెంతో లెక్క వేశారా? నేను కలిపే కొలత చెప్తాను, మీది కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కిలో ముక్కలకి పావుకిలో కారం, పావుకిలో ఆవపిండి, రెండు వందల గ్రాముల ఉప్పు, నాలుగు వందల మిల్లీలీటర్ల నూనె. అంతా కలిపితే రెండు కిలోల చిల్లర పచ్చడి వస్తుంది. అంటే అరకిలో సీసాలో ఉండే నూనె వంద మిల్లీలీటర్ల లోపే. అందులో సగం, అంటే యాభై మిల్లీలీటర్లు మాత్రమే మీరు మార్చింది. రెండు నూనెల మధ్య తేడా లీటరుకి నూట యాభై రూపాయలు అనుకున్నా, సీసాకి మీకు మిగిలేది ఏడెనిమిది రూపాయలు. మీ ఊళ్లో ధరలు పెట్టి మీరే లెక్క చూసుకోండి.

ఇప్పుడు మీకు మూడు దారులున్నాయి. మళ్లీ పూర్తిగా పప్పు నూనెకి వెళ్లి సీసాకి పది రూపాయలు పెంచడం ఒకటి. ధర పెరిగిందని కొందరు గొణుగుతారు గానీ అత్తగారి మాట, సీసాలోని సరుకు ఒకటే అవుతాయి. రెండు రకాలు అమ్మడం రెండోది. అత్తగారి కొలత ఒకటి, తక్కువ ధరది ఇంకొకటి. వినడానికి బాగుంటుంది, కానీ ఒకే వసారాలో రెండు రకాలు కలిపేటప్పుడు గరిటెలు, డబ్బాలు, లేబుళ్లు కలగాపులగమవుతాయి. ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే చోట నేనైతే దీనికి పూనుకోను. ఇక మూడోది, ఇప్పుడున్న మిశ్రమమే ఉంచి, "మా అత్తగారి కొలత, నూనె మాత్రం సగం సగం" అని చెప్పేసి ఒరిజినల్ అనే మాట మానుకోవడం. అందులో తప్పేమీ లేదు. కాకపోతే వీడియోకి ప్రాణమైన మాటే పోతుంది. ఏడు రూపాయల కోసం దాన్ని వదులుకోవాలా అన్నది మీ ఇష్టం. నేను మొదటి దారి వైపే మొగ్గుతాను.

ఇక "వందేళ్లు". ఈ లెక్క ఎవరు చెప్పారు? మరిది కొడుకు గుండ్రంగా ఉందని వేసుంటాడు. అత్తగారిని కూర్చోబెట్టి అడగండి: ఆవకాయ ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సంవత్సరం కాపురానికి వచ్చారు, మొదటిసారి కలిపినప్పుడు ఏం తప్పు చేశారు. "కొత్త కోడల్ని, ఉప్పు ఎక్కువైపోయింది, మా అత్తగారు ఏమీ అనకుండా ఇంకో నాలుగు కాయలు కోసి అందులో పడేశారు" లాంటిది ఏదో ఒకటి దొరుకుతుంది. వందేళ్లు అన్నది ఎవరైనా అనగలరు. ఆ ఉప్పు కథ మీ ఇంటికి తప్ప ఇంకెవరికీ ఉండదు. పైగా ఆవిడ జ్ఞాపకానికి ఆవిడే సాక్షి.

"నూటికి నూరు పాళ్లు స్వచ్ఛం" పూర్తిగా తీసెయ్యండి. అవే నిబంధనల ప్రకారం ప్యూర్ అనే మాట ఒకే సరుకు ఉండి, ఏమీ కలపని ఆహారానికి చెల్లుతుంది. ఆవకాయ అంటేనే కలిపింది కదా! పోనీ "స్వచ్ఛమైన కారం, స్వచ్ఛమైన నెయ్యి" అందామంటే, ఆ కారం మీరు బజార్లో కొన్నదైతే అందులో ఏముందో మీకెలా తెలుసు? మిరపకాయలు తెచ్చి, తొడిమలు తీసి, ఎండబెట్టి, మరకి పట్టుకెళ్లి దగ్గరుండి ఆడించుకుంటే, అలా చేశామని చెప్పండి. చెప్పడం కూడా అనవసరం, మర తిరుగుతుంటే మీరు కొంగు అడ్డం పెట్టుకుని తుమ్ముతున్న నాలుగు సెకన్లు చూపించండి. ల్యాబ్ పరీక్ష చేయిస్తానంటే చేయించండి, మంచిదే. కానీ ఆ కాగితం ఆ రోజు పంపిన నమూనా గురించి, అడిగిన పరీక్షల గురించి మాత్రమే చెబుతుంది. ఏప్రిల్‌లో కలిపిన డ్రమ్ము పరీక్ష పట్టుకుని జూన్‌లో కలిపిన దానికి స్వచ్ఛం అనలేరు.

"ప్రిజర్వేటివ్స్ లేవు" అన్నది కొంచెం తమాషా అయినది. 2011 నాటి మన ఆహార నిబంధనలు నిల్వ పదార్థాలను రెండు తరగతులు చేశాయి. ఉప్పు, పంచదార, వెనిగర్, మసాలా దినుసులు, తినే నూనె, ఇవన్నీ మొదటి తరగతి నిల్వ పదార్థాలు. సోడియం బెంజోయేట్ లాంటివి రెండో తరగతి. అంటే ఆవకాయలో మామిడికాయ తప్ప మిగతావన్నీ నిల్వ పదార్థాలే! కాబట్టి "లేవు" అనే బదులు ఏమున్నాయో చెప్పండి: "ఇందులో వేసింది మామిడికాయ, ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు, పప్పు నూనె. అంతే." చివరి "అంతే" చాలా బలమైన మాట. నిజమైతేనే అనాలి. వెల్లుల్లి, శనగలు, ఇంగువ, ఏది వేసినా పేరు చెప్పాలి. ఈ వరుస చెప్పడం వల్ల ఇంకో లాభం ఉంది. మీ సీసాలు అమెరికాలో ఉన్న పిల్లలకి సూట్‌కేసుల్లో వెళ్తుంటాయి కదా. అక్కడ 2023 నుంచి నువ్వులు కూడా తప్పనిసరిగా చెప్పాల్సిన ఎలర్జీ పదార్థాల్లో చేరాయి. యూరప్‌లో నువ్వులతో పాటు ఆవాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పప్పు నూనె అంటే నువ్వుల నూనే కాబట్టి మన ఆవకాయలో రెండూ ఉన్నాయి.

"కెమికల్స్ లేవు", "బయట పచ్చళ్లలో రంగులు కలుపుతారు" లాంటివి కూడా స్క్రిప్టులోకి రానివ్వకండి. పక్కవాడి డ్రమ్ములో ఏముందో మీరు చూడలేదు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన వాక్యం, సున్నుండల గురించి. బెల్లం కూడా ఎక్కువ భాగం చక్కెరే. పంచదారతో చేసినా బెల్లంతో చేసినా షుగర్ ఉన్న మనిషి రక్తంలో అది చక్కెరగానే చేరుతుంది. మీ వీడియో చూసి ఎవరో పెద్దాయన రోజుకి రెండు తిన్నాడనుకోండి, ఆయన మిమ్మల్ని నమ్మి తిన్నట్టు. చట్టం సంగతి కూడా చెప్పాలి. తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకి 2006 నాటి ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ కింద పది లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఇంట్లో చేసే చిన్న వ్యాపారానికి అంత పడకపోవచ్చు, కానీ వీడియో అనేది రాతపూర్వకమైన సాక్ష్యం లాంటిది, చెరిపేసినా ఎవరి ఫోన్‌లోనో ఉంటుంది.

ఇమ్యూనిటీ మాట కూడా అంతే. పైన చెప్పిన కొలత ప్రకారం ఇరవై గ్రాముల ఆవకాయలో దాదాపు రెండు గ్రాముల ఉప్పు ఉంటుంది. రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆవకాయని ఎవరూ ఆరోగ్యం కోసం తినరమ్మా. వేడన్నంలో నెయ్యి వేసుకుని, ఇంకో ముద్ద ఎక్కువ తినడానికి తింటారు. అది చెప్పండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

"ఏడాదైనా చెక్కు చెదరదు" దగ్గర నా సొంత అనుభవం ఒకటుంది. నేను పచ్చళ్లు అమ్మిన రోజుల్లో లేబుల్ మీద ఇదే రాశాను. మా ఇంట్లో జాడీకి వాసెన కట్టి, పొడి గరిటెతో వారానికోసారి చిన్న సీసాలోకి తీసుకుంటే ఏడాది ఉండేది మరి. శ్రావణమాసంలో ఒకావిడ ఫోటో పంపింది, సీసాలో పైన తెల్లగా బూజు. స్టవ్ పక్కన పెట్టి, తడి చెంచాతో తీసుకున్నారు, నూనె కిందికి దిగి ముక్క పైకి తేలింది. తప్పు ఆవిడదేనని నేను వాదించొచ్చు, కానీ ఏడాది అని రాసింది నేనే. డబ్బు వెనక్కిచ్చాను. మీరు "మా ఇంట్లో జాడీలో వచ్చే ఏడు కాయ వచ్చేదాకా వాడతాం" అనొచ్చు, అది నిజం. వెంటనే "మీకు పంపే సీసా మీద తేదీ ఉంటుంది, మూత తీశాక పొడి చెంచా వాడండి, ముక్క మీద నూనె తేలేలా చూసుకోండి" అనాలి. ఆ తేదీ ఊహతో వేయకండి. కలిపిన ప్రతి విడత నుంచి రెండు సీసాలు మీ దగ్గరే అట్టిపెట్టి, ఒకటి మూత తీసి వాడుతూ, ఒకటి తీయకుండా, నెలనెలా చూసి నోటుబుక్కులో రాయండి. ముక్క మెత్తబడిందా, రంగు నల్లబడిందా, నూనె కమరు వాసన వస్తోందా అని. మీరు స్వయంగా చూసిన గడువుకి తక్కువే తేదీ వేయండి. జంతికలకి ఇదే పని ఇంకా తొందరగా తేలిపోతుంది, కమరు వాసన ముందు వచ్చేది వాటికే.

ఇప్పుడు స్క్రిప్టు. తొంభై సెకన్లలో హాయిగా చెప్పగలిగేది నూట యాభై మాటల లోపే. మరిది కొడుకు భయం, "ఎవరూ ఆగి చూడరు" అన్నది, కొట్టిపారేయదగ్గది కాదు. మొదటి మూడు సెకన్లలో ఏదో ఒకటి పట్టుకోవాలి. దానికి స్వచ్ఛం అనే మాట అక్కర్లేదు, కత్తిపీట మీద కాయ టెంకతో సహా 'టక్' మని తెగే చప్పుడు చాలు. నేనైతే ఇలా రాస్తాను. ఇందులో మీ ఇంటి వివరాలు నేను ఊహించి పెట్టినవి, ఆవిడ చెప్పినవాటితో మార్చకుండా ఒక్కటీ వాడకండి.

మొదట చీకటిగా కత్తిపీట, కాయ తెగిన చప్పుడు, ముక్కలో జీడి తీసి లోపలి పొర గుడ్డతో తుడుస్తున్న చేతులు. మొహం చూపించొద్దు. అత్తగారి గొంతు: "ముక్కకి టెంక అంటుకుని ఉండాలి. లేకపోతే రెండు నెలలకే మెత్తబడిపోద్ది."

తర్వాత పాత ఇత్తడి సోల దగ్గరగా. అంచు ఒకచోట నొక్కుకుపోయి ఉంటుంది కదా, అది కనబడాలి. "ఇది మా అత్తగారి సోల. నేను కాపురానికొచ్చిన ఏడాది ఆవిడ దీంతోనే కొలిచి చూపించారు. కారం సోల, ఆవపిండి సోల. ఉప్పు మాత్రం వేలెడు వెలితి."

ఇక్కడ మీరు అందుకోవాలి: "ఇప్పుడు మేం యాభై కిలోలు కలుపుతాం, సోలతో కుదరదు. అందుకని అత్తయ్య కొలిచిన ప్రతి సోలనీ తూకం వేసి రాసుకున్నాం." కాటా మీద సోల, పక్కన మీ చేతిరాత. ఇది ఉత్త అలంకారం కాదు, నిజంగా చేయాల్సిన పని. సోలెడు ఉప్పు సోలెడు కారం కంటే చాలా బరువు. "అన్నీ సమానం" అని గ్రాముల్లో వేస్తే అత్తగారి ఆవకాయ కాదు, ఇంకోటి అవుతుంది.

తర్వాత వసారాలో పని. ఇద్దరు సాయం చేసేవాళ్లు, డ్రమ్ము, తలకి గుడ్డలు. "సరుకులు ఇవీ" అని వరుసగా ఆరు పేర్లు, "అంతే." మూడో రోజు తిరగ కలుపుతున్న దృశ్యం, అత్తగారు అరచేతిలో కాస్త వేసుకుని నాలిక మీద పెట్టుకుని ఉప్పు చూడటం. ఆవిడ ఏమంటే అదే ఉంచండి. "ఇంకో గుప్పెడు పడాలి" అంటే ఇంకా మంచిది. చివర సీసా మీద తేదీ, పద్నాలుగు అంకెల రిజిస్ట్రేషన్ నంబరు కనబడేలా, మీ గొంతుతో పొడి చెంచా మాట, ఆర్డరుకి ఫోన్ నంబరు.

డ్రమ్ము దాచిపెట్టి జాడీ ఒక్కటే చూపించాలని పిల్లాడికి అనిపిస్తుంది. జాడీలో కలిపింది ఇంటికి, డ్రమ్ములో కలిపింది అమ్మకానికి అయినప్పుడు జాడీ మాత్రమే చూపిస్తే మాటల్లో ఏ అబద్ధమూ లేకుండానే వీడియో అబద్ధం చెప్పినట్టే. డ్రమ్ము ఆహారానికి పనికొచ్చేదైతే చూపించడానికి సిగ్గెందుకు? పనికిరానిదైతే వీడియోకి ముందు మార్చాల్సింది డ్రమ్ముని. రేపు వ్యాపారం పెరిగి షెడ్డు అద్దెకి తీసుకుంటే "ఇంట్లో చేసింది" అన్న ముక్క కూడా తీసేసి మళ్లీ తీయాలి, అదీ గుర్తుంచుకోండి. ఇంకో చిన్న మాట. సున్నుండలు, జంతికలతో పాటు పూతరేకులు కూడా మొదలుపెట్టే ఆలోచన ఉంటే, "ఆత్రేయపురం పూతరేకులు" అని మాత్రం పెట్టకండి. దానికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు ఆ ఊరివాళ్లది.

మరిది కొడుకుని చిన్నబుచ్చకండి. వాడికి కెమెరా తెలుసు, మీకు తెలియదు. వాడు రాసిన స్క్రిప్టు చింపేశామని కాకుండా, "మామ్మని అడిగి ఈ ప్రశ్నలకి జవాబులు రాసుకురా" అని పంపండి. ఒక సాయంత్రం ఫోన్ రికార్డింగ్ పెట్టి ఆవిడతో మాట్లాడించండి. ఆ రికార్డింగు మీ దగ్గర ఉంచుకోండి, ఎవరైనా "మీ అత్తగారి రెసిపీ అని ఏంటి గ్యారంటీ?" అంటే అదే మీ జవాబు. షూటింగ్ రోజు ఆవిడ చేతికి కాగితం ఇవ్వకండి. సోల ఇవ్వండి. పని చేస్తూ మాట్లాడుతుంటే చాలు, కావలసిన ముక్కలు వాడే కత్తిరించుకుంటాడు.

అప్పటికీ ఆవిడ వద్దంటే చేతులు, గొంతు చాలు. గొంతు కూడా వద్దంటే, మీరే "అత్తయ్య దగ్గర నేర్చుకున్నాను" అని చెప్పండి.

వీడియో పెట్టాక కింద రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. "ప్యూరేనా?" అని ఒకటి. సరుకుల పేర్లు, ఎక్కడ కొన్నారో, ఏది దగ్గరుండి ఆడించారో రాయండి. "మా నాన్నకి షుగర్, సున్నుండలు తినొచ్చా?" అని రెండోది. "ఒక్కో ఉండలో బెల్లం ఇన్ని గ్రాములు ఉంటుందండీ, వాళ్ల డాక్టరుగారిని అడిగి చెప్పండి, అప్పుడు పంపిస్తాం" అని రాయండి. ఆ గ్రాములు చెప్పాలంటే ముందు ఒక పది ఉండలు తూకం వేసి చూసుకోవాలి. ఈ ఆదివారం చేసే సున్నుండలతోనే ఆ పని మొదలుపెట్టొచ్చు.